ఇంట్లో వాయిస్ ఓవర్: గదిని సిద్ధం చేయడం నుంచి మాటను దృశ్యానికి కూర్చడం వరకు

ఈ మార్గదర్శి ఒకే ఒక సందర్భాన్ని తీసుకుంటుంది. ఎడిటింగ్ పూర్తయిన ఒక విద్యా వీడియోకు ఒక్కరి గొంతుతో వ్యాఖ్యానం చదవాలి. ప్రతి వాక్యానికీ దృశ్యం ముందే సమయం కేటాయించి పెట్టింది. చదివేది స్టూడియోలో కాదు, ఇంట్లోని ఒక మామూలు పడకగదిలో. చేతిలో ఉన్నవి ఒక కండెన్సర్ మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఒక కంప్యూటరు.

రికార్డింగ్ అయిపోయిన తరువాత సాఫ్ట్‌వేర్‌తో సరిచేయగలిగినవి కొన్ని, సరిచేయలేనివి కొన్ని ఉంటాయి. ఫ్యాను హోరు వంటి నిలకడైన చప్పుడును చాలావరకు తగ్గించవచ్చు. గోడలకు తగిలి తిరిగివచ్చిన ధ్వని మాటలో కలిసిపోయిన తరువాత మాత్రం, మాట చెడకుండా దానిని విడదీయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే అది వేరే చప్పుడు కాదు, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన మీ గొంతే. అలాగే ఆరు సెకన్ల దృశ్యానికి తొమ్మిది సెకన్ల వాక్యం చదివితే ఏ ఉపకరణమూ దానిని సహజంగా కుదించలేదు. కాబట్టి గది, మైకు దూరం, వాక్యం నిడివి అనే మూడూ రికార్డ్ బటన్ నొక్కకముందే తేలిపోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే ఉంటుంది.

## 1. గదిని ఎంచుకోవడం, నిశ్శబ్దాన్ని కొలవడం

ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద మంచం, మందపాటి పరుపు, బట్టలు, తెరలు ఉన్న గదిని ఎంచుకోండి. ఖాళీ గది కంటే సామానుతో నిండిన గది మేలు. చిన్న చదరపు గది కంటే పొడవు, వెడల్పు వేరువేరుగా ఉన్న గది మేలు. వీధివైపు కిటికీ ఉన్న గదిని వీలైతే వదిలేయండి, ఎందుకంటే వాహనాల లోతైన గుర్రుమనే ధ్వనిని తెరలు, దుప్పట్లు ఆపలేవు. ధ్వనిని పీల్చుకోవడం వేరు, బయటి ధ్వనిని అడ్డుకోవడం వేరు. గోడలకు మెత్తని వస్తువులు తగిలించడం మొదటి పనిని మాత్రమే చేస్తుంది. రెండవ పనికి బరువైన గోడలు, గాలి చొరని తలుపులు కావాలి. అద్దె ఇంట్లో అది సాధ్యం కాదు కాబట్టి నిశ్శబ్దంగా ఉండే వేళను ఎంచుకోవడమే దారి.

తరువాత నిశ్శబ్దాన్ని కొలవాలి. ముందుగా మైకు ముందు మీరు నిజంగా చదవబోయే గొంతుతోనే రెండు మూడు వాక్యాలు చదివి, అత్యంత బిగ్గరగా పలికిన మాట -12 నుంచి -9 డెసిబెల్స్ మధ్య నిలిచేలా గెయిన్ సరిచేయండి. ఆ గెయిన్‌ను ఇక కదల్చకుండా, గదిలో మీరు ఉండగానే, కదలకుండా 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేసి `room.wav` పేరుతో దాచండి. ఈ ఫైలు తరువాత రెండు చోట్ల పనికివస్తుంది. దాని స్థాయిని తెలుసుకోవడానికి, `ffmpeg` అనే ఉచిత సాధనం కంప్యూటరులో ఉంటే, టెర్మినల్‌లో కింది ఆదేశం చాలు:

```
ffmpeg -i room.wav -af volumedetect -f null -
```

ఫలితంలో `mean_volume` అనే వరుస చూడండి. చదివిన వాక్యాల ఫైలుకూ ఇదే ఆదేశం ఇచ్చి రెండు సంఖ్యల మధ్య తేడా తీయండి. మాట సగటు -24, నిశ్శబ్దం -64 ఉంటే తేడా 40 డెసిబెల్స్, అది మంచి స్థితి. తేడా 30 దగ్గరే ఉంటే గదిలో ఏదో మోగుతోందని అర్థం. నిశ్శబ్దం సంఖ్యను ఒంటరిగా చూసి సంతోషపడడం పొరపాటు, ఎందుకంటే చివర్లో గొంతును 6 డెసిబెల్స్ పెంచితే హోరు కూడా అంతే పెరుగుతుంది. నిలిచేది తేడా ఒక్కటే. ఆడియో పుస్తకాలను స్వీకరించే ఏసీఎక్స్ వేదిక కూడా మాట సగటు -23 నుంచి -18 మధ్య, నేపథ్య శబ్దం -60 లేదా అంతకంటే తక్కువ ఉండాలని కోరుతుంది. అంటే అక్కడా కోరేది సుమారు 40 డెసిబెల్స్ తేడానే.

తేడా తక్కువగా ఉన్నప్పుడు కారణాన్ని ఒక్కొక్కటిగా ఆపి మళ్ళీ కొలవండి. ఫ్యాను, ఏసీ, పక్కగదిలోని ఫ్రిజ్, కంప్యూటరు ఫ్యాను, ట్యూబులైటు చోకు సాధారణంగా దొరికే దోషులు. సన్నని గుయ్ మనే ధ్వని వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. ధ్వని మాయమైతే అది గదిలోది కాదు, విద్యుత్ తీగల ద్వారా వస్తున్నది. ఫ్రిజ్ ఆపినవారు దాని తలుపు మీద ఒక చీటీ అంటించడం మంచిది, ఎందుకంటే రికార్డింగ్ ముగిశాక దానిని తిరిగి వేయడం చాలా సులువుగా మరిచిపోతారు.

## 2. గదిలో ప్రతిధ్వనిని తగ్గించడం

గదిలో మీరు నిలబడబోయే చోట ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగిపోకుండా 'ట్రర్ర్' మంటూ లోహంలా మోగితే, ఎదురెదురు ఖాళీ గోడల మధ్య ధ్వని అటూ ఇటూ తిరుగుతోందన్నమాట. చప్పట్ల కంటే నమ్మదగిన పరీక్ష మరొకటి ఉంది. 'కట్', 'టక్' వంటి హల్లుతో ముగిసే మాటలను గట్టిగా పలికి చటుక్కున ఆగిపోయి, ఆ రికార్డింగును హెడ్‌ఫోన్లలో స్థాయి పెంచి వినండి. మాట ఆగిన తరువాత వినిపించే తోకే మీ గది గొంతు. ఒక్కొక్క మార్పు తరువాతా ఇదే మాటలను ఇదే చోటు నుంచి రికార్డు చేసి పోల్చుకుంటూ ముందుకు వెళ్ళాలి.

ఎక్కడ దుప్పటి వేలాడదీయాలన్న విషయంలోనే చాలామంది శ్రమ వృథా అవుతుంది. మైకు వెనుక గోడకు ఫోమ్ అంటించి, తమ వెనుక గోడను ఖాళీగా వదిలేస్తారు. కార్డియాయిడ్ మైకు తన ముందు నుంచి వచ్చే ధ్వనిని బాగా, వెనుక నుంచి వచ్చే ధ్వనిని అతి తక్కువగా గ్రహిస్తుంది. మైకు ముందు ఉన్నది మీరు, మీ వెనుక ఉన్నది మీ వెనుక గోడ. అంటే మైకు సూటిగా చూస్తున్నది ఆ గోడనే. అందుకని మొట్టమొదటి దుప్పటి మీ వెనుకకు, తరువాతివి రెండు పక్కలకు వెళ్ళాలి. ఆపైన మిగిలితేనే మైకు వెనుక గోడ, తలపై కప్పు. మైకు వెనుక అమర్చే వంపు తిరిగిన చిన్న రిఫ్లెక్షన్ ఫిల్టర్లు ఒంటరిగా పెద్దగా సహాయపడకపోవడానికి కారణం కూడా ఇదే.

మందం గురించి ఒక భౌతిక నియమం తెలుసుకుంటే డబ్బు ఆదా అవుతుంది. గోడను ఆనుకుని ఉన్న చోట గాలి కణాలు దాదాపు కదలవు, గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరాన అత్యధికంగా కదులుతాయి. మెత్తని పదార్థం ధ్వనిని పీల్చుకునేది ఆ కదలికను అడ్డుకోవడం ద్వారానే. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి 500 హెర్ట్జ్ ధ్వనికి ఆ నాలుగో వంతు 17 సెంటీమీటర్లు అవుతుంది. గోడకు అతికించిన రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్ స, ష వంటి పై ధ్వనులను మాత్రమే పీల్చి, గొంతులోని నిండుదనం ఉండే మధ్యస్థాయిని అలాగే మోగనిస్తుంది. ఫలితంగా గొంతు మూసుకుపోయినట్టు, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అదే రెండు మూడు మందపాటి దుప్పట్లను కలిపి గోడకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంగా ఒక కర్రకో తాడుకో వేలాడదీస్తే, అదే బట్ట మరింత కింది స్థాయి వరకు పనిచేస్తుంది. ఎడం అనేది ఖర్చులేని మందం. ఇక కోడిగుడ్ల అట్టలు ధ్వనిని పీల్చుకోవు, ఆ ప్రయత్నం మానుకోండి.

బట్టల అలమారులోకి దూరి చదవడం గురించి కూడా చెప్పాలి. అది పై ధ్వనుల ప్రతిధ్వనిని నిజంగానే తగ్గిస్తుంది, కానీ ఒక మీటరు వెడల్పున్న మూసిన చోటులో 170 హెర్ట్జ్ దగ్గర గాలి తనంత తాను మోగుతుంది. పురుష గొంతు మూలస్వరం, స్త్రీ గొంతు మూలస్వరం రెండూ ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి కాబట్టి కొన్ని అక్షరాలు మాత్రమే బుంగమని ఉబ్బి వినిపిస్తాయి. దీనికంటే అలమారు తలుపులు బార్లా తెరిచి, వేలాడే బట్టలకు వీపు ఆనించినంత దగ్గరగా, గదివైపు ముఖం పెట్టి నిలబడడం మంచిది. మీ వెనుక గోడ స్థానంలో అర మీటరు మందం బట్టలు ఉంటాయి. పడకగదిలో ఇంతకంటే మంచి శోషకం దొరకదు.

గది మధ్యబిందువు, మూలలు రెండూ నిలబడడానికి పనికిరావు. గది పొడవులో సుమారు మూడో వంతు దగ్గర మొదలుపెట్టి, అర మీటరు అటూ ఇటూ జరుగుతూ అదే వాక్యాన్ని చదివి, నిండుగా ఉంటూ ఉబ్బు లేని చోటును చెవితో ఎంచుకోండి. దొరికిన తరువాత మీ పాదాల చోట, స్టాండు కాళ్ళ చోట నేలపై టేపు అంటించండి. వారం తరువాత ఒక వాక్యం మళ్ళీ చదవవలసి వచ్చినప్పుడు ఈ టేపు విలువ తెలుస్తుంది.

## 3. మైకు ఎంత దూరంలో, ఏ కోణంలో

కొలతలు మన చేతిలోనే ఉన్నాయి. నోటికి, మైకుకు మధ్య జానెడు. మైకుకు, పాప్ ఫిల్టరుకు మధ్య బెత్తెడు. అంటే సుమారు 20 సెంటీమీటర్లు, 7 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదంతా నిండిన ప్రతిధ్వని మాత్రం తగ్గదు. 40 సెంటీమీటర్ల దూరంలో చదివి గెయిన్ పెంచితే మీరు పెంచింది గదిని. మరీ దగ్గరకు, నాలుగైదు సెంటీమీటర్లకు వెళితే కార్డియాయిడ్ మైకుల సహజ లక్షణం వల్ల కింది స్వరాలు అతిగా పెరుగుతాయి. తల కొద్దిగా కదిలినా గొంతు రంగు మారుతుంది, రెండు టేకులను పక్కపక్కన అతకడం కష్టమవుతుంది. డైనమిక్ మైకు గది ధ్వనిని తీసుకోదన్న మాట తరచు వినిపిస్తుంది. నిజానికి దానిని నోటికి దగ్గరగా పెట్టుకుని వాడడం వల్లనే ఆ మేలు కలుగుతుంది, మేలు చేసేది దూరమే.

కోణం విషయానికి వస్తే, మైకును నోటికి సూటిగా కాకుండా నోటి కంటే కొద్దిగా పైన, 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు ఉంచి, దాని ముఖాన్ని మాత్రం నోటివైపు తిప్పండి. ప, బ పలికినప్పుడు, మరింతగా ఫ, భ వంటి మహాప్రాణాలు పలికినప్పుడు నోటి నుంచి గాలి ఒక సన్నని ధారగా సూటిగా వెళుతుంది. ధ్వని మాత్రం అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. మైకు ఆ ధారకు పక్కన ఉంటే గాలి తప్పిపోతుంది, గొంతు తప్పిపోదు. అరచేతిని మైకు ఉన్న చోట పెట్టి 'ప్రభావం', 'ఫలితం', 'భిన్నం' అని పలకండి. చేతికి గాలి తగలని కోణం మీకు సరైన కోణం. పక్క నుంచి మాట్లాడవలసిన మైకును పై నుంచి మాట్లాడేవారు కూడా ఉంటారు కాబట్టి, మీ మైకుకు ఏది ముఖమో కొన్న రోజే కరదీపికలో చూసుకోండి. మైకు వీపును కంప్యూటరువైపు తిప్పితే, దాని చప్పుడు మైకుకు అతి తక్కువగా వినిపించే దిశలో పడుతుంది.

బల్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో రికార్డు చేసిన చాలా గొంతులలో వినిపించే డొల్లతనానికి గది కంటే బల్లే ఎక్కువ కారణం. మీ నోరు, మైకు రెండూ బల్లకు 30 సెంటీమీటర్ల ఎత్తున, ఒకదానికొకటి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. నేరుగా వచ్చే ధ్వని 20 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, బల్లకు తగిలి వచ్చేది సుమారు 63 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. 43 సెంటీమీటర్ల ఈ తేడా వల్ల రెండవది 1.25 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరి, 400 హెర్ట్జ్ దగ్గర మొదటిదానిని వ్యతిరేకిస్తుంది. ఆపైన 1200, 2000 దగ్గర కూడా అదే జరుగుతుంది. ఆ మూడు చోట్లా గొంతు పలచబడుతుంది, తల కదిలినప్పుడల్లా పలచబడే చోటు మారుతుంది. అందువల్ల దీనిని ఈక్వలైజరుతో సరిచేయలేరు. దీనికి మందు బల్లను వదిలి నిలబడి చదవడం. కూర్చోక తప్పకపోతే మైకును బల్ల అంచుకు బయట స్టాండు మీద నిలిపి, బల్లపై మడతపెట్టిన మందపాటి బొంత పరచండి. పాఠాన్ని కళ్ళ ఎత్తున, మైకుకు పక్కగా పెట్టండి. కిందకు చూస్తూ చదివితే మెడ వంగి గొంతు మారుతుంది, కాగితం గలగల కూడా వాక్యం మధ్యలో పడుతుంది.

## 4. వాక్యాన్ని సమయానికి ముందే కొలవడం

తెలుగులో మాటల సంఖ్యతో సమయాన్ని అంచనా వేయడం కుదరదు. 'వేరు' ఒక మాట, 'చేయించుకోవలసివచ్చింది' కూడా ఒక మాటే. అక్షరాలను లెక్కపెట్టండి. ఒత్తులు, గుణింతాలు వేరుగా లెక్కకు రావు, 'విత్తనం' అంటే మూడు అక్షరాలు. ముందుగా మీ వేగాన్ని కనుక్కోండి. అదే వీడియో పాఠంలోని ఒక పేరాను అసలు చదవబోయే ధోరణిలో రికార్డు చేసి, వాక్యాల మధ్య విరామాలను కత్తిరించి, మిగిలిన సెకన్లతో అక్షరాలను భాగించండి. కింది ఉదాహరణలో ఆ వేగం సెకనుకు 6 అక్షరాలు అనుకుందాం. దీర్ఘాలు, ద్విత్వాలు ఎక్కువగా ఉన్న వాక్యం దానికంటే కొంచెం నెమ్మదిగా, లఘువులు ఎక్కువగా ఉన్నది కొంచెం వేగంగా సాగుతుందని ఛందస్సు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

విత్తనం మొలకెత్తే దృశ్యానికి కేటాయించిన సమయం 41.0 సెకను నుంచి 47.0 సెకను వరకు. తెరపై వేరు కొన 45.0 సెకను దగ్గర కనిపిస్తుంది. రచయిత ఇచ్చిన వాక్యం ఇది: "నేలలో తగినంత తేమ అందిన తరువాత విత్తనం పైపొర మెత్తబడి పగులుతుంది, ఆ పగులు నుండి మొట్టమొదట వేరు బయటకు వస్తుంది." ఇందులో 51 అక్షరాలు ఉన్నాయి, అంటే ఎనిమిదిన్నర సెకన్లు. చదివి చూడనవసరం లేకుండానే ఇది పట్టదని తేలిపోయింది. దృశ్యం మారిన వెంటనే మాట మొదలుకాకుండా ముందు 0.2 సెకను, మధ్య విరామానికి 0.3, తరువాతి దృశ్యానికి ముందు ఊపిరికి 0.3 తీసేస్తే మిగిలేవి 5.2 సెకన్లు, అంటే 31 అక్షరాలు.

తగ్గించేటప్పుడు చూపు చెబుతున్నదానిని నోటితో మళ్ళీ చెప్పకూడదు. నేల తెరపై కనిపిస్తూనే ఉంది, వేరు పగులు నుంచే వస్తోందని, అదే ముందు వస్తోందని కూడా కనిపిస్తుంది. అప్పుడు వాక్యం ఇలా మిగులుతుంది: "తేమ తగిలిన విత్తనం పైపొర మెత్తబడి పగులుతుంది, వేరు బయటకు వస్తుంది." మొదటి భాగంలో 21, రెండవ భాగంలో 9, మొత్తం 30 అక్షరాలు. 41.2 దగ్గర మొదలైతే మొదటి భాగం మూడున్నర సెకన్లు సాగి 44.7కు ముగుస్తుంది. 0.3 సెకను విరామం తరువాత 'వేరు' అన్న మాట సరిగ్గా 45.0 దగ్గర, వేరు కొన కనిపించిన క్షణాన పడుతుంది. వాక్యం 46.5కు ముగిసి, తరువాతి దృశ్యానికి ముందు అర సెకను మిగులుతుంది. 'ముందుగా వేరు' అని ఉంచి ఉంటే ఆ మాట అర సెకను వెనుకబడేది. దృశ్యానికి కట్టిన మాటను ఉపవాక్యం మొదట్లో పెట్టుకునే వెసులుబాటు తెలుగు పదక్రమంలో ధారాళంగా ఉంది, దానిని వాడుకోండి.

వాక్యం కుదిరిన తరువాత పాఠంలో ప్రతి వాక్యం పక్కన మొదలయ్యే సమయం, ముగిసే సమయం, సరిగ్గా తగలవలసిన మాట, అది తగలవలసిన సమయం రాసుకోండి. ప్రతి మాటనూ దృశ్యానికి కట్టాలని ప్రయత్నిస్తే చదువు బిగుసుకుపోతుంది. ఒక వాక్యానికి ఒక్క మాట చాలు. ఆ మాట దృశ్యంతో పాటు గానీ, ఒక పిసరు తరువాత గానీ రావాలి. ముందే వస్తే చూసేవారికి కనిపించబోయేది చెప్పేసినట్టవుతుంది.

తెరపై మనిషి పెదవులు కదులుతున్న డబ్బింగులో కట్టుబాటు ఇంతకంటే కఠినం. అక్కడ పెదవులు మూసుకునే చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పడేలా మాటలు ఎంచుకోవాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు బిటి.1359 ప్రకారం ధ్వని చిత్రం కంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనుక వచ్చినా ప్రేక్షకులు పసిగడతారు. సెకనుకు 25 ఫ్రేములుండే వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే ముందుకు ఒక్క ఫ్రేము, వెనుకకు మూడు ఫ్రేములు మాత్రమే మన్నన.

## 5. రికార్డు చేయడం

ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోగా పెట్టండి. వీడియో పనులకు 48 ప్రామాణికం. 44.1లో చేసిన ఫైలును ఎవరైనా మార్పిడి చేయకుండా 48గా చదివిస్తే గొంతు దాదాపు 9 శాతం వేగంగా, సన్నగా మోగుతుంది, అప్పటివరకు కూర్చిన సమయమంతా చెదిరిపోతుంది.

వీడియోను ధ్వని లేకుండా నడుపుతూ, వాక్యానికి మూడు సెకన్ల ముందు నుంచి చూస్తూ చదవండి. ఒక్కో వాక్యానికి మూడు టేకులు తీసుకోండి. మొదటిది చదివినట్టుగా, రెండవది కొంచెం చురుకుగా, మూడవది మీకు సహజంగా తోచినట్టుగా. సమయం కోసం పరుగెత్తవలసి వస్తే అది గొంతు తప్పు కాదు, వాక్యం ఇంకా పొడవుగా ఉందన్నమాట. అక్కడే ఆగి రెండు మూడు అక్షరాలు తీసేయండి. తొందరలో మొదట నలిగేవి వాక్యాంత క్రియలు. 'పగులుతుంది' కాస్తా 'పగుల్తుంది' అయిపోతుంది, అధికారికమైన వ్యాఖ్యానంలో అది చెవికి తగులుతుంది.

కొత్త వాక్యం మొదలుపెట్టే ముందు వెనుకటి వాక్యం మంచి టేకును హెడ్‌ఫోన్లలో ఒకసారి వినండి. గొంతు స్థాయి, ఉత్సాహం, మైకు దూరం మూడూ దానితో కలుస్తాయి. తప్పు దొర్లితే మాట మధ్య నుంచి అందుకోవద్దు, ఉపవాక్యం మొదటి నుంచి చదవండి, అతుకు విరామంలో దాగుతుంది.

## 6. శుభ్రం చేయడం

అసలు ఫైలు జోలికి వెళ్ళకుండా నకలు మీద పనిచేయండి. క్రమం ముఖ్యం: కింది ధ్వనుల కోత, హోరు తగ్గింపు, చిన్న దోషాల మరమ్మతు, ఆ తరువాతే కంప్రెషన్. కంప్రెసర్ చిన్న ధ్వనులకు, పెద్ద ధ్వనులకు మధ్య అంతరాన్ని తగ్గిస్తుంది కాబట్టి దానిని ముందు వాడితే హోరు, ఊపిరి పైకి లేచి వాటిని తగ్గించడం కష్టమవుతుంది.

మొదట 70 నుంచి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టరు పెట్టండి. గొంతులో ఉపయోగపడేది అంతకు కింద దాదాపు ఏమీ ఉండదు, అడుగుల చప్పుడు, స్టాండు కంపనం అక్కడే ఉంటాయి. హోరు తగ్గించడానికి ముందు దాచిన నిశ్శబ్దాన్ని నమూనాగా ఇవ్వాలి. దానికి కూడా ఇదే హైపాస్ వేసి ఉండాలి. అడాసిటీలో ఆ నిశ్శబ్దాన్ని ఎంచుకుని Noise Reduction తెరిచి Get Noise Profile నొక్కి, తరువాత మొత్తం గొంతును ఎంచుకుని 6 నుంచి 9 డెసిబెల్స్ వరకు తగ్గించండి. అమలు చేయకముందు Residue ఎంచుకుని విని చూడండి, తొలగిపోబోయేది మాత్రమే వినిపిస్తుంది. అందులో ఒట్టి హోరు ఉంటే సరి. మాటల నీడలు వినిపిస్తే గొంతును కూడా తొలగిస్తున్నారన్నమాట, సంఖ్య తగ్గించండి.

తెలుగుకు ఈ దశలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి, వాక్యాలు '-ంది', '-రు' వంటి తగ్గు స్వరంలో ఆగుతాయి. ఆ చివరి ఇకారం, ఉకారం హోరు స్థాయికి దగ్గరగా పలుచబడతాయి కాబట్టి అతిగా తగ్గించిన చోట మొదట మాయమయ్యేవి అవే. వాక్యం చివరి అక్షరం నీటిలోంచి బుడబుడమన్నట్టు వినిపిస్తే, లేదా 'వస్తుంది' అన్నది 'వస్తుం' దగ్గర తెగినట్టుంటే వెనక్కి వెళ్ళండి. కొంచెం హోరు మిగలడం చెవి భరిస్తుంది, తెగిన క్రియను భరించదు.

ప, భ ల దగ్గర గాలి దెబ్బ మిగిలితే వాక్యమంతటికీ కాక ఆ 30 నుంచి 50 మిల్లీసెకన్ల ముక్కను మాత్రమే ఎంచుకుని, దానికి 150 హెర్ట్జ్ హైపాస్ వేయండి. నోటి టిక్కు చప్పుళ్ళను కూడా ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూసి తీయడం మంచిది. మొత్తం ఫైలు మీద నడిపే డీక్లిక్ ఉపకరణాలు ట, క ల తొలి విరుపును కూడా చప్పుడనుకుని మొద్దుబారుస్తాయి. ఊపిరిని పూర్తిగా చెరిపేయకుండా 8 డెసిబెల్స్ తగ్గించి వదలండి. తీసేయక తప్పని చోట ఖాళీ నిశ్శబ్దం వదలకుండా `room.wav` నుంచి అంతే నిడివి ముక్క అతకండి. లేకపోతే గది ఒక్క క్షణం ఆరిపోయి వెలిగినట్టు వినిపిస్తుంది. ఆపైన స, శ, చ లు గుచ్చుకుంటుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య తేలికపాటి డీఎస్సర్, తరువాత 2:1 లేదా 3:1 నిష్పత్తిలో గరిష్ఠంగా 4 డెసిబెల్స్ అణచే కంప్రెసర్ చాలు.

## 7. టైమ్‌లైనులో కూర్చడం

శుభ్రం చేసిన టేకులో మొదటి భాగం మూడున్నర సెకన్లకు బదులు 3.7 సెకన్లు వచ్చిందనుకుందాం. వెంటనే టైమ్ స్ట్రెచ్ తెరవవద్దు. సాగేవి, కుదించుకునేవి విరామాలే. వాక్యాన్ని 41.1 దగ్గర మొదలుపెడితే మొదటి భాగం 44.8కు ముగుస్తుంది, మధ్య విరామాన్ని 0.2కు తగ్గిస్తే 'వేరు' మళ్ళీ 45.0 దగ్గరే నిలుస్తుంది. మాట ఒక్కటి కూడా మారలేదు. విరామాలతో సరిపోకపోతే మరో టేకులోని అదే ఉపవాక్యాన్ని తెచ్చి అతకండి. అదీ కుదరకపోతేనే స్వరం మారకుండా వేగం మార్చే సాధనాన్ని వాడండి, అది కూడా 4 శాతం లోపు, మొత్తం ఉపవాక్యానికి సమానంగా. అంతకు మించితే దీర్ఘాలు వణకడం, ద్విత్వాలు విరగడం వినిపిస్తుంది. అక్కడ మళ్ళీ చదవడమే తక్కువ పని.

ప్రతి అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టి, మొత్తం గొంతు కింద గది నిశ్శబ్దాన్ని సన్నగా పరచండి. అతుకులు సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ముందు తెర చూడకుండా విని, తరువాత తెర చూస్తూ వినండి. మొదటిసారి అతుకులు, రెండవసారి సమయం బయటపడతాయి.

స్థాయి విషయంలో ఫైలు కోరినవారు చెప్పిన సంఖ్యనే పాటించాలి. యూరోపియన్ ప్రసారాల ఈబీయూ ఆర్128 ప్రమాణం -23 ఎల్‌యూఎఫ్‌ఎస్, ఇంటర్నెట్ వీడియోలకు -16 నుంచి -14 వరకు వాడుకలో ఉంది. అయితే సంగీతం, ఇతర శబ్దాలు కలవబోయే వీడియోలో ఆ లక్ష్యం మొత్తం మిశ్రమానికి చెందినది, గొంతు ఒక్కదానికి కాదు. కాబట్టి శిఖరాలు -3 డెసిబెల్స్ దాటకుండా గొంతును విడిగా 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఇచ్చి, తుది స్థాయిని మిక్సింగు చేసేవారికి వదలండి. ప్రతి వాక్యం ఫైలు పేరులో దాని వరుస సంఖ్య, మొదలయ్యే సమయం ఉండాలి. అసలు టేకులను, గది నిశ్శబ్దాన్ని, గెయిన్ విలువను, నేలపై టేపుతో పాటు తీసిన ఒక ఫోటోను అదే ఫోల్డరులో ఉంచండి. వీడియోలో ఒక వాక్యం మారిందని కబురు వచ్చినప్పుడు, ఆ ఫోటో చూసి అదే చోట నిలబడి, వెనుకటి వాక్యాన్ని ఒకసారి విని, కొత్తదాన్ని ఆ ఒక్క ఖాళీలోకి చదవవచ్చు.